డాకా, అడాప్టరా? పోర్టులు తక్కువున్న ఆఫీసు లాప్‌టాప్‌కి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

సాయంత్రం ఆరింటికి బ్యాకప్ నడుస్తోంది. ఇంటికెళ్లే తొందరలో మా అకౌంటెంట్ గారు ఛార్జర్ వైరు తీసి సంచిలో పెట్టుకున్నారు. లాప్‌టాప్ బ్యాటరీ నిండుగానే ఉంది కదా, ఇంకో పది నిమిషాలు నడుస్తుందిలే అనుకున్నారు. వైరు తీయగానే మానిటర్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. ఆ ఒక్క క్షణంలోనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఊడిపోయి, బ్యాకప్ సగంలో ఆగిపోయింది. మర్నాడు ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు.

డిస్క్ పాడైందేమో అనుకున్నాం. కాదు. తప్పు మధ్యలో ఉన్న టైప్-సీ అడాప్టర్‌ది, అంటే లాప్‌టాప్ టైప్-సీ పోర్టు ఒక్కదాన్నే మానిటర్‌కీ, డిస్క్‌కీ, నెట్‌వర్క్‌కీ పంచే చిన్న డబ్బాది. తప్పు అనడం కూడా సరికాదు, దాని పనితీరే అంత. ఛార్జర్ అడాప్టర్‌లో గుచ్చి ఉన్నంతసేపూ కరెంటు ఛార్జర్ నుంచి లాప్‌టాప్ వైపు పోతుంది. ఛార్జర్ తీసేస్తే అడాప్టర్ బతకడానికి కరెంటు లాప్‌టాప్ నుంచి వెనక్కి రావాలి. అలా దిశ మారేటప్పుడు చాలా అడాప్టర్లు ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతాయి. దానికి తగిలించినవన్నీ అరక్షణం ఊడినట్టే లెక్క. కీబోర్డుకి, మౌస్‌కి అది తెలియను కూడా తెలియదు. రాత జరుగుతున్న డిస్క్‌కి మాత్రం అది పెద్ద దెబ్బ.

డాక్‌కీ అడాప్టర్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. పోర్టుల సంఖ్యలో చూస్తే రెండూ ఒకేలా కనిపించొచ్చు. డాక్‌కి సొంత పవర్ అడాప్టర్ ఉంటుంది. అది గోడ నుంచి కరెంటు తీసుకుని, తన పని చేసుకుంటూ, మిగతాది లాప్‌టాప్‌కి ఇస్తుంది. లాప్‌టాప్ ఉన్నా లేకపోయినా డాక్ వెలుగుతూనే ఉంటుంది. మామూలు అడాప్టర్‌కి సొంత కరెంటు లేదు. లాప్‌టాప్ దగ్గరో, మీ ఛార్జర్ దగ్గరో అడిగి తెచ్చుకోవాలి. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ విషయమే మళ్లీ మళ్లీ వస్తుంది.

1. ముందు కాగితం మీద రాయండి

లాప్‌టాప్‌కి ఏమేం తగిలించాలో రాసుకోండి. ప్రతి వస్తువు పక్కన రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. ఇది లాప్‌టాప్ నుంచి కరెంటు తాగుతుందా? పని మధ్యలో ఒక్క క్షణం ఊడితే నష్టమా?

ప్రింటర్ తన కరెంటు తను చూసుకుంటుంది. ఊడితే ఇంకోసారి ప్రింట్ కొడతాం, అంతే. మానిటర్ కూడా దాదాపు అంతే. సొంత పవర్ లేని ఎక్స్‌టర్నల్ డిస్క్ రెండు ప్రశ్నలకీ అవుననే చెబుతుంది. నెట్‌వర్క్ కేబుల్ మీద సర్వర్‌లో ఉన్న ఫైలు తెరిచి పనిచేసే ఆఫీసులో అయితే నెట్‌వర్క్ కూడా రెండో ప్రశ్నకి అవుననే అంటుంది. రెండు "అవును"లు వచ్చిన వస్తువు ఒక్కటున్నా దాన్ని గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. చివర్లో దాని దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి కూడా రాయండి: లాప్‌టాప్ రోజూ ఇంటికి వెళ్తుందా, టేబుల్ మీదే ఉంటుందా? రోజుకి రెండుసార్లు తీసి పెట్టే లాప్‌టాప్‌కి ఒక్క కేబుల్‌తో పని అయిపోవడం నిజంగా విలువైన సౌకర్యం.

2. లాప్‌టాప్ పోర్టు ఏం చేయగలదో చూడండి

టైప్-సీ అంటే ఆ రంధ్రం ఆకారం పేరు మాత్రమే. లోపల ఏం పోతుందో ఆ ఆకారం చెప్పదు. కొన్ని పోర్టుల్లో డేటా మాత్రమే పోతుంది. కొన్నిట్లో డేటాతో పాటు బొమ్మ కూడా వెళ్తుంది, ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. థండర్‌బోల్ట్ 4 పోర్టులయితే సెకనుకి 40 గిగాబిట్ల వేగంతో ఇవన్నీ ఒకేసారి మోస్తాయి. ఒకే లాప్‌టాప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు టైప్-సీ పోర్టుల్లో ఒకటి ఒక రకం, రెండోది ఇంకో రకం కావడం మామూలే.

పోర్టు పక్కన చిన్న గుర్తు ఉందేమో చూడండి. మెరుపు బాణం ఉంటే థండర్‌బోల్ట్. ఒక గీతలో డి, పి అక్షరాలు కలిసినట్టున్న గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్, అంటే బొమ్మ వెళ్తుంది. గుర్తేమీ లేదంటే సౌకర్యం లేదని కాదు. తయారీదారు సైట్‌లో మీ మోడల్ నంబరు పేజీ తెరిచి, పోర్టుల వరుసలో బొమ్మకి DisplayPort, ఛార్జింగ్‌కి Power Delivery అన్న మాటలు ఉన్నాయో లేదో వెతకండి.

ఈ మెట్టు దాటేసి కొన్న వాళ్లే ఎక్కువ బాధపడతారు. పోర్టు డేటా రకం అయితే దానికి ఎంత మంచి అడాప్టర్ తగిలించినా హెచ్‌డీఎంఐ రంధ్రంలోంచి బొమ్మ రాదు. అలాంటి లాప్‌టాప్‌కి దారి ఒక్కటే: డిస్‌ప్లేలింక్ అనే చిప్ ఉన్న డాక్ గానీ అడాప్టర్ గానీ. అది బొమ్మని లాప్‌టాప్‌లోనే కుదించి, మామూలు డేటాలా పంపి, అవతల మళ్లీ విప్పుతుంది. దానికి డ్రైవర్ వేయాలి, ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది. లెక్కల పట్టికలకి, ఉత్తరాలకి బాగానే ఉంటుంది. వీడియో ఎడిటింగ్‌కి నేనైతే వద్దంటాను.

3. వాట్ల లెక్క వేయండి

మీ ఛార్జర్ అడుగున అచ్చువేసిన అక్షరాలు చదవండి. అవుట్‌పుట్ దగ్గర వోల్టులు, యాంపియర్లు ఉంటాయి. రెండిటినీ గుణిస్తే వాట్లు. 20 వోల్టులు, 3.25 యాంపియర్లు అయితే 65 వాట్లు.

ఇప్పుడు అడాప్టర్ పెట్టె మీద చూడండి. 100 వాట్లు అని పెద్దగా ఉంటుంది. అడాప్టర్ 100 వాట్లు ఇస్తుందని దాని అర్థం కాదు. మీ ఛార్జర్ ఇచ్చే కరెంటుని 100 వాట్ల వరకూ తనలోంచి పోనిస్తుందని అర్థం. పోనిచ్చేటప్పుడు తన కోసం, తనకి తగిలించిన వాటి కోసం కొంత పక్కన పెట్టుకుంటుంది. చాలా అడాప్టర్లలో అది 15 వాట్ల దాకా ఉంటుంది. అంటే 65 వాట్ల ఛార్జర్ నుంచి లాప్‌టాప్‌కి చేరేది సుమారు 50.

చిన్న లాప్‌టాప్ అయితే 50 వాట్లతో హాయిగా నడుస్తుంది. కొంచెం పెద్ద ప్రాసెసర్ ఉన్నదయితే, బరువైన పని చేసేటప్పుడు బ్యాటరీ మెల్లగా దిగుతూ ఉంటుంది, తెర మీద slow charger అన్న మాట కనబడొచ్చు. పొద్దున నూరు శాతం ఉన్న బ్యాటరీ, ఛార్జర్ గుచ్చే ఉన్నా, సాయంత్రానికి 70కి దిగితే కారణం ఇదే. పెద్ద ఛార్జర్ తెచ్చుకుంటే సరిపోతుంది, డాక్ కొనక్కర్లేదు.

డాక్ కొనేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. డాక్‌తో వచ్చే పవర్ అడాప్టర్ వాట్లు ఒకటి, అది లాప్‌టాప్‌కి ఇచ్చే వాట్లు ఇంకొకటి. మనకి కావాల్సింది రెండో అంకె. అది మీ ఛార్జర్ మీదున్న అంకెకి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. ఎక్కువున్నా లాప్‌టాప్‌కి ఏమీ కాదు. తనకి ఎంత కావాలో అంతే అడిగి తీసుకుంటుంది.

4. మానిటర్ సంగతి

ఇక్కడ కొంచెం ఆగి అర్థం చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

టైప్-సీ కేబుల్ లోపల వేగంగా డేటా మోసే దారులు నాలుగు ఉంటాయి. నాలుగు వరుసల రోడ్డు అనుకోండి. మామూలు అడాప్టర్ వాటిలో రెండు వరుసలు బొమ్మకి, రెండు వరుసలు యూఎస్‌బీకి పంచుతుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి ఆ రెండు వరుసలు చాలు, ఇంకా ఖాళీ మిగులుతుంది కూడా. 2560×1440 మానిటర్‌కీ చాలు. 4కే మానిటర్ దగ్గరే ఇబ్బంది. లాప్‌టాప్ గానీ అడాప్టర్ గానీ పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 రకం అయితే, రెండు వరుసల్లో సెకనుకి 60 బొమ్మలు పట్టవు. 30 మాత్రమే వస్తాయి. రెండూ 1.4 రకం అయితే పడతాయి.

30 వస్తోందని ఎలా తెలుస్తుంది? మౌస్ గుండ్రంగా తిప్పండి. బాణం జారకుండా చిన్న చిన్న గెంతులు వేస్తున్నట్టుంటుంది. పేజీ కిందికి లాగితే అక్షరాలు అలుక్కుపోతాయి. రోజంతా అలా చూస్తే కళ్లు లాగుతాయి. చాలామంది తమ కళ్లద్దాల్ని అనుమానిస్తారు. విండోస్‌లో Settings, System, Display, Advanced display వరసగా తెరిస్తే ఎన్ని హెర్ట్జ్ నడుస్తోందో కనిపిస్తుంది. అక్కడ 30 ఉండి, 60 ఎంచుకునే వీలు లేకపోతే, ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ మారకపోతే అడాప్టరే కారణం.

రెండు మానిటర్లు కావాలంటే మాత్రం మామూలు అడాప్టర్ దగ్గర ఆగకండి. రెండు హెచ్‌డీఎంఐలున్న అడాప్టర్లు దొరుకుతాయి. విండోస్‌లో రెండు ఫుల్ హెచ్‌డీ తెరల్నీ విడివిడిగా చూపిస్తాయి కూడా. అదే అడాప్టర్‌ని మ్యాక్‌బుక్‌కి తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ వస్తుంది, ఎందుకంటే ఒకే దారిలో రెండు వేర్వేరు తెరల్ని పంపే ఆ పద్ధతిని మ్యాక్ ఒప్పుకోదు. మ్యాక్ వాళ్లకి థండర్‌బోల్ట్ డాక్ కావాలి. అందులోనూ ఎం1, ఎం2 మామూలు చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు బయటి తెర ఒక్కటే నడుపుతాయి. వాటికి రెండో తెర కావాలంటే మళ్లీ డిస్‌ప్లేలింకే దిక్కు.

5. డిస్క్, నెట్‌వర్క్

గుండ్రంగా చుట్టి పెట్టుకున్న వస్తువు గుర్తుందా? దాని దగ్గరికి వచ్చాం.

ఛార్జర్ తగిలించని అడాప్టర్‌కి లాప్‌టాప్ టైప్-సీ పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర ఎక్కువలో ఎక్కువ 15 వాట్లు, కొన్నిట్లో 7.5 వాట్లే. అందులోంచే అడాప్టర్ తనూ బతకాలి, నెట్‌వర్క్ చిప్‌నీ నడపాలి, డిస్క్‌కీ ఇవ్వాలి. లోపల తిరిగే పళ్లెం ఉన్న పాత రకం డిస్క్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే డిస్క్ లోంచి టిక్... టిక్... అని సన్నగా చప్పుడు వస్తుంది. ఒకసారి కనబడుతుంది, మళ్లీ మాయమవుతుంది. ఆ చప్పుడు వినగానే డిస్క్ పోయిందని టెన్షన్ పడకండి. దాన్ని నేరుగా లాప్‌టాప్ పోర్టుకి తగిలించి చూడండి. అక్కడ చప్పుడు లేకుండా నడిస్తే డిస్క్ బాగానే ఉంది, కరెంటే చాల్లేదు.

డిస్క్ పక్కనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ గుచ్చితే ఇంకో చిత్రం జరుగుతుంది: కాపీ నడుస్తున్నంతసేపూ మౌస్ తడబడుతుంది. యూఎస్‌బీ 3 వేగంగా నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది. ఈ సంగతి ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో కాస్త దూరం జరిపితే తడబాటు పోతుంది.

నెట్‌వర్క్ విషయంలో ఒక పరీక్ష చాలు. పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టండి:

```
Get-NetAdapter | Select-Object Name, LinkSpeed
```

ఆఫీసు నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ గిగాబిట్ రకం అయితే 1 Gbps అని రావాలి. 100 Mbps వస్తే సాధారణంగా నెట్‌వర్క్ కేబుల్ లోపల ఒక జత తీగ తెగి ఉంటుంది, దాన్ని మార్చండి. 1 Gbps అని చూపిస్తున్నా నెమ్మదిగా ఉంటే, అడాప్టర్ లోపల నెట్‌వర్క్ చిప్ యూఎస్‌బీ 2 దారి మీద ఉందని అనుమానించాలి. సర్వర్ నుంచి 2 జీబీ ఫైలు తెచ్చుకోండి. గిగాబిట్ నిజంగా అందుతుంటే ఇరవై సెకన్ల చిల్లరలో వస్తుంది. యూఎస్‌బీ 2 దారిలో నిమిషం దాకా పడుతుంది.

ఇంకొకటి: రౌటర్‌లో ఫలానా లాప్‌టాప్‌లనే రానివ్వాలని మ్యాక్ అడ్రస్‌లు, అంటే ఒక్కో నెట్‌వర్క్ చిప్‌కీ ఉండే గుర్తింపు సంఖ్యలు, రాసి పెట్టుకున్న ఆఫీసులు ఉంటాయి. అడాప్టర్ అయినా డాక్ అయినా నెట్‌వర్క్ చిప్ దాని లోపలిదే కాబట్టి అడ్రస్ కూడా సాధారణంగా దానిదే. లాప్‌టాప్ పాతదే, నెట్ రావడం లేదంటే ముందు రౌటర్ జాబితాలో ఈ కొత్త అడ్రస్ చేర్చి చూడండి.

6. మా ఆఫీసులో ఎలా తేల్చాం

మాకు రెండు టేబుళ్లు. మొదటి దాని మీద అకౌంటెంట్ గారి లాప్‌టాప్: టైప్-సీ పోర్టులు రెండు, రెండిట్లోనూ బొమ్మా ఛార్జింగూ ఉన్నాయి. ఛార్జర్ 65 వాట్లు. ఒక ఫుల్ హెచ్‌డీ మానిటర్, కీబోర్డు, మౌస్, ప్రింటర్, నెట్‌వర్క్ కేబుల్, సాయంత్రం మాత్రం బ్యాకప్ డిస్క్. లెక్క ప్రకారం ఇక్కడ డాక్ అవసరం లేదు. మానిటర్ ఒక్కటే, అదీ ఫుల్ హెచ్‌డీ. ఉన్న చిక్కల్లా ఆ డిస్కే.

దానికి చేసిన మార్పు ఒక్కటే. ఛార్జర్‌ని అడాప్టర్‌లోంచి తీసి నేరుగా లాప్‌టాప్ రెండో టైప్-సీ పోర్టుకి తగిలించాం. అడాప్టర్ మొదటి పోర్టులోనే ఉంది, ఎప్పుడూ లాప్‌టాప్ కరెంటు మీదే నడుస్తుంది. ఇక ఛార్జర్ పీకినా పెట్టినా అడాప్టర్ దగ్గర దిశ మారేదేమీ లేదు. పైగా 65 వాట్లూ పూర్తిగా లాప్‌టాప్‌కే వెళ్తున్నాయి. పరీక్ష కోసం డిస్క్‌లోకి పెద్ద ఫోల్డర్ కాపీ పెట్టి, మధ్యలో మూడుసార్లు ఛార్జర్ తీసి పెట్టాను. మానిటర్ రెప్ప కూడా వేయలేదు, కాపీ పూర్తయింది. మా డిస్క్ పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ కావడంతో కరెంటూ సరిపోయింది. పళ్లెం రకమే అయి, టిక్ టిక్ వినిపిస్తే సొంత పవర్ ఉన్న డిస్క్ తెచ్చుకునేవాళ్లం.

రోజూ రెండు వైర్లు తగిలించాలి, నిజమే. ఆవిడ దానికి ఒప్పుకున్నారు.

రెండో టేబుల్ మీద డిజైన్ పని చేసే అబ్బాయి. విండోస్ లాప్‌టాప్, థండర్‌బోల్ట్ 4 పోర్టు, 90 వాట్ల ఛార్జర్. రెండు 4కే మానిటర్లు, రోజంతా తగిలించి ఉండే పెద్ద డిస్క్, సర్వర్ మీద తెరిచి ఉంచే ఫైళ్లు. లాప్‌టాప్ రోజూ బయటికి వెళ్తుంది, మీటింగ్‌కీ వెళ్తుంది. ఇక్కడ అడాప్టర్‌తో సరిపెట్టడానికి ప్రయత్నించడమే పొరపాటు. లాప్‌టాప్‌కి 96 వాట్లు ఇచ్చే థండర్‌బోల్ట్ డాక్ పెట్టాం. ఒక్క కేబుల్ తీస్తే లేచి వెళ్లిపోవచ్చు. తీసేముందు డిస్క్‌ని Eject చేయడం మాత్రం డాక్ ఉన్నా తప్పదు. డాక్ డిస్క్‌కి కరెంటు ఇస్తూనే ఉంటుంది గానీ, రాత మధ్యలో లాప్‌టాప్ వెళ్లిపోతే ఫైలుని కాపాడలేదు.

మీకు ఉన్నది ఒకే టైప్-సీ పోర్టు అయితే, మొదటి టేబుల్ చిట్కా పనిచేయదు. ఛార్జర్ అడాప్టర్‌లోంచే పోవాలి. అలాంటప్పుడు రోజూ డిస్క్ తగిలించే పని ఉంటే, మానిటర్ ఒక్కటే అయినా నేను డాక్ వైపే మొగ్గుతాను. డిస్క్ పని లేకపోతే అడాప్టర్ చాలు.

7. తగిలించే రోజు

డాక్‌తో వచ్చిన కేబులే వాడండి. డ్రాయర్‌లో ఉన్న ఫోన్ ఛార్జింగ్ టైప్-సీ కేబుల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ, దాని లోపల చాలాసార్లు వేగపు దారులే ఉండవు. అది గుచ్చితే లాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది, మౌస్ కూడా పనిచేస్తుంది, మానిటర్ మాత్రం నల్లగా ఉంటుంది. డాక్ పాడైందని వెనక్కి పంపేముందు కేబుల్ చూసుకోండి. మేం డాక్ కేబుల్ రెండు చివర్లకీ ఎర్ర టేపు చుట్టాం.

అడాప్టర్‌ని గాల్లో వేలాడనివ్వకండి. హెచ్‌డీఎంఐ కేబుల్, నెట్‌వర్క్ కేబుల్ బరువంతా ఆ చిన్న టైప్-సీ మొన మీద పడి, కొన్నాళ్లకి పోర్టు వదులవుతుంది. అప్పుడు కాస్త కదిపితే చాలు, తెర పోయి వస్తుంది. లాప్‌టాప్ పోర్టు బాగుచేయించడం అడాప్టర్ కొన్నంత సులువు కాదు. అడాప్టర్‌ని టేబుల్ మీద ఆనించి, మందపాటి కేబుళ్లని టేబుల్ అంచుకి ఒక క్లిప్‌తో బిగించండి. ముట్టుకుంటే వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి ఆన్చలేనంత వేడెక్కితే ఛార్జర్‌ని అందులోంచి తీసి నేరుగా లాప్‌టాప్‌కి మార్చండి.

మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు లాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి వెళ్లండి. తిరిగొచ్చి లేపాక మానిటర్, నెట్‌వర్క్, డిస్క్ మూడూ వాటంతట అవే వచ్చాయా చూడండి. ఏదైనా రాకపోతే లాప్‌టాప్ బయోస్‌నీ, డాక్ ఫర్మ్‌వేర్‌నీ తయారీదారు సైట్ నుంచి తాజా చేయండి. అప్పటికీ నెట్‌వర్క్ రాకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ నెట్‌వర్క్ అడాప్టర్ మీద కుడి క్లిక్ చేసి, Properties లో Power Management తెరిచి, Allow the computer to turn off this device to save power అన్న చోట టిక్ తీసేయండి. ఈ పరీక్షని కొన్నది వెనక్కి ఇచ్చే గడువు లోపలే పూర్తిచేయండి.